బస్సులో ఆరిన గీత

నేను ఎవరినీ తొందరగా నమ్మను. ఇది గొప్పగా చెప్పుకుంటున్న మాట కాదు, నాకున్న రోగం. మా అవ్వ పాలు పోసే మనిషి కళ్లముందే చెంబులో వేలు ముంచి, చుక్కను గోటి మీద వేసుకుని, అది నిలబడుతుందో జారిపోతుందో చూసేది. జారితే ఆ పూట ఆ మనిషికి మూడింది. ఆ వేలు నాకు వారసత్వంగా వచ్చింది.

పెళ్లయి మక్తల్ వచ్చాక బస్టాండు పక్కన మా ఆయన మందుల దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాను. ఆ గుణం ఇంకా ముదిరింది. మందుల దుకాణానికి వచ్చే మనుషులు నిజం ఎందుకు చెప్తారు? గజ్జి మందు ఎప్పుడూ ‘దోస్తుకే’ కావాలి. దగ్గు మందు సీసా ఇంట్లో ముసలాయనకని పట్టుకుపోతారు, వాసన మాత్రం అడిగినవాడి నోట్లోంచే వస్తుంది. మా ఆయన అందరికీ తల ఊపి ఇచ్చేవాడు. నేను మాత్రం ఒకటికి నాలుగు ప్రశ్నలు వేసేదాన్ని. “నువ్వు పోలీసుల్ల ఉండాల్సిన దానివి, తప్పి నాకు దొరికినవ్” అనేవాడు.

తొంభైల మధ్యలో అనుకుంటాను, కడుపు తెలుసుకునే కార్డులు మా దుకాణానికి వచ్చాయి. తెల్లటి ప్లాస్టిక్ ముక్క, అగ్గిపెట్టెకు కొంచెం పొడుగు. ఒక చివర చిన్న గుంత, మధ్యలో కిటికీ, కిటికీ పక్కన సి, టి అని రెండు అక్షరాలు. పొద్దున్నే పట్టిన మూత్రం నాలుగు చుక్కలు గుంతలో వేయాలి. కంపెనీ తరఫున వచ్చిన టై కుర్రాడు కౌంటర్ మీద మోచెయ్యి పెట్టి, “ఒక గీతొస్తే లేదు, రెండొస్తే ఉంది. అంతేనమ్మా, చదువు రానివాళ్లు కూడా చూసుకోవచ్చు” అన్నాడు. కాగితం ఒకటి ఉండేది లోపల, చీమతలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు. కుర్రాడు దాని సంగతే ఎత్తలేదు. నేనూ అడగలేదు. అందరినీ అడిగే నేను ఆ ఒక్కసారి అడగలేదు చూడండి!

చదువు రానివాళ్లు చూసుకోవచ్చని అతననుకున్నాడు గానీ, మా దిక్కు ఆడవాళ్లు అట్లా అనుకోలేదు. ఉత్తరం వస్తే చదివించుకోవాలి. దవాఖాన చీటీ ఇస్తే చదివించుకోవాలి. బస్సు మీద బోర్డు కూడా ఎవరినో అడిగే ఎక్కాలి. అలాంటప్పుడు కడుపులో బిడ్డ సంగతి చెప్పే కార్డును మాత్రం తామే చూసుకుని నమ్ముతారా? తెల్లవారుజామున చుక్కలు వేసి, కార్డును కాగితంలో చుట్టి, రవికెలో దోపుకుని, మొదటి బస్సెక్కి నా దగ్గరికి వచ్చేవాళ్లు. “అక్కా, జర సదివి చెప్పు.” బస్సు ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలియదు. రోడ్డు మీద ఆగి ఆగి, మేకలనెక్కించుకుని, వాళ్లు మా దుకాణం చేరేసరికి గంటన్నర, రెండు గంటలు అయ్యేది. నేను కార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టి, కళ్లు చికిలించి, డాక్టరమ్మ లెక్క ముఖం పెట్టి తీర్పు చెప్పేదాన్ని. అబ్బో, ఆ పెద్దరికం నాకు బాగా రుచించింది. అవ్వ పాలు చూసినట్లు నేను గీతలు చూస్తున్నాననుకున్నాను.

అట్లాంటి ఒకామె వచ్చింది శనగకాయ తీసే రోజుల్లో. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది ఉంటాయి. ఎండకు మాడిన ముఖం, గోళ్లలో ఎర్రమట్టి. మక్తల్‌కు గంటన్నర దూరం ఊరు. మా దగ్గర తలనొప్పి గోలీలు కొనే మనిషే. ఆ రోజు దుకాణం ఖాళీ అయ్యేదాకా బయట మెట్ల మీద కూర్చుని, తర్వాత వచ్చి, “గా కార్డు ఉన్నదా అక్కా?” అంది.

“ఎవరికి?”

“మా పక్కింటామెకు.”

నాకు తెలుసు పక్కింటామె ఎవరో. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లు నాకు రోజుకు పదిమంది తగులుతారు. ఏమీ అనకుండా ఇచ్చాను. మర్నాడు పొద్దున తొమ్మిది దాటాక అదే మనిషి, అదే చీర, రవికెలోంచి కాగితం పొట్లం తీసింది. కార్డు కిటికీలో సి దగ్గర ఎర్రగా ఒక గీత. టి దగ్గర, సూర్యుడి దిక్కు తిప్పితే కనబడీ కనబడనట్లు ఇంకొకటి. దానికి రంగు ఉందా లేదా అని నేను చూడలేదు. గీత ఉందా లేదా, అంతే నా చదువు.

“రెండున్నయి. పో, మీ పక్కింటామెకు చెప్పు” అన్నాను.

ఆమె కౌంటర్ చెక్కను పట్టుకుంది. “ఇంకోసారి చూడక్కా.”

“నా కండ్లు మంచిగనే ఉన్నయి.”

“గట్లెట్లయితదక్కా? మా ఇంటాయన ఆపరేషన్ చేయించుకున్నడు. ఎనిమిదేండ్లాయె.”

పక్కింటామె ఎటు పోయిందో పోయింది. ఆమె గబగబా చెప్పుకొచ్చింది. మూడో కాన్పులో ఈమెకు ప్రాణం మీదికొచ్చిందట. మళ్లీ ఈమె కడుపు కొయ్యనీయనని, మొగుడే క్యాంపుకు పోయి మొగవాళ్ల ఆపరేషన్ చేయించుకున్నాడట. ఇప్పుడు రెండు నెలలుగా ఈమె బయట చేరలేదు. ఆ రెండు నెలల్లో చాలా రోజులు ఆయన పుణె దిక్కు పనికి పోయి ఊళ్లో లేడు. ఇదంతా నాకు చెప్పాల్సిన అవసరం లేదు. భయానికి చెప్పింది.

నేనేమనుకున్నానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. ఆహా, ఇదా సంగతి అనుకున్నాను. నిప్పు లేనిదే పొగ రాదు కదా అనుకున్నాను. పైకి ఒకే మాట అన్నాను. “నన్నడిగితే ఏం లాభం? నీకే తెల్వాలె.”

ఆమె నా ముఖం చూసింది. కార్డు మళ్లీ పొట్లం కట్టుకుని వెళ్లిపోయింది.

రెండు రోజులకు ఒక మనిషి వచ్చాడు. ఎత్తుగా, సన్నగా, భుజం మీద తువ్వాల. తువ్వాల మూల ముడి విప్పి ఆ కార్డునే కౌంటర్ మీద పెట్టాడు. “గిది మీరే సదివిండ్రట” అన్నాడు. ఆమె భర్త. ఆమె కార్డును ఎక్కడా దాచలేదు. ఇంటికి పోయి, ఆయన ముందు పెట్టి, గిట్లొచ్చింది, ఎట్లొచ్చిందో నాకు తెల్వదు అని తానే చెప్పిందట. తప్పు చేసిన మనిషి అట్లా చెప్తుందా అని ఆ క్షణం నాకు తట్టలేదు. ఎంత నంగనాచి, ముందే చెప్పి నోరు మూయిద్దామనుకుంది అని తట్టింది.

“పిల్లలను నా దగ్గర ఉంచుకొని దాన్ని తోలేసిన” అన్నాడు. “ఈడనే వాళ్లక్క ఇంట్ల ఉన్నది. ఐతారం నాడు పెద్దమనుషులు కూసుంటరు. మీరొచ్చి గిదే మాట చెప్పాలె. సదివింది మీరు గదా.” గొంతులో కోపం లేదు, దానికే నాకు భయం వేసింది. “దాని పానం పోతదని నేను కోసుకున్న అక్కా. ఊరంత నవ్విండ్రు. ఆడిదానివైనవారా అన్నరు. పడ్డ. దీనికోసమా పడ్డది?”

“వస్త. చూసింది చూసినట్లు చెప్త” అన్నాను. నా మాట మీద ఒక ఊరి పంచాయితీ జరుగుతుందంటే లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. తీర్పు ఎటు పోతుందో తెలుసు. ఆమెకు ఇల్లు ఉండదు, ముగ్గురు పిల్లలు ఉండరు. అయినా వస్తానన్నాను.

అతను పోయాక మా ఆయన, సీసాలు తుడుస్తూనే, “గా కార్డు చుక్కలేసిన ఎంతసేపటికి చూసినవ్ నువ్వు?” అన్నాడు.

“ఎంతసేపైతే ఏంది? గంట తర్వాత చూస్తే బిడ్డ పుడుతదా?”

“అడిగిన.”

“నీకు అందరి మీద జాలే. ఆమెతోటి నీకేం పని?” అని కూడా అన్నాను. చెప్పాను కదా, రోగమని. మొగుణ్ని కూడా వదలదు.

మర్నాడు పొద్దున ఆమే వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి కానీ అప్పుడు ఏడుపు లేదు. “ఇంకో కార్డియ్యి. ఈడనే చేస్త. నీ ముందల్నే” అంది. దుకాణం వెనక మా ఇల్లు, ఇంటి వెనక దొడ్డి. గిన్నె ఇచ్చాను. మళ్లీ అనుమానం వచ్చింది. నీళ్లు కలిపితే?

“నీళ్లు కలుపుతవేమో” అన్నాను, మొహం మీదే.

“అయితే నువ్వు సుత రా లోపలికి” అంది.

మనిషన్నవాళ్లు ఎవరైనా సిగ్గుపడి ఆగుతారు. నేను పోయాను. నీళ్లు కలపలేదు. వచ్చి, చుక్కలు నేనే వేశాను. ఇద్దరం బల్ల మీద కార్డును పెట్టుకుని, పిట్టల్ని కాపలా కాసినట్లు చూశాం. తడి మెల్లగా కిటికీలోకి పాకింది. గులాబీ రంగు కిటికీ అంతా జరుగుతూ పోయి, సి దగ్గర ఎర్రగీత నిలబెట్టి, మిగతాదంతా తెల్లబడింది. ఐదు నిమిషాలు. టి దగ్గర ఏమీ లేదు. ఏటవాలుగా పట్టినా లేదు.

“లేదు గదా?” అంది.

“ఇప్పుడైతే లేదు” అన్నాను. ‘ఇప్పుడైతే’ అనడంలో నా బుద్ధి అంతా ఉంది. మహబూబ్‌నగర్‌లో లేడీ డాక్టరు దగ్గరికి పోయి చీటీ రాయించుకురా అన్నాను. వాళ్లక్కను తోడు తీసుకుని మధ్యాహ్నం బస్సెక్కింది. కార్డును దగ్గు మందు సీసాల వెనక అరలో పడేసి నేను మర్చిపోయాను.

సాయంత్రం దీపం పెట్టేవేళ సీసా కోసం చెయ్యి పెడితే కార్డు తగిలింది. చూశాను. టి దగ్గర గీత! “చూడు, చూడు! నీకు జాలి గదా, చూడు! పొద్దున దాగింది, ఇప్పుడు బయటపడ్డది. నిజం ఎన్నడన్న దాగుతదా?” అని దుకాణం అదిరిపోయేట్లు అరిచాను.

మా ఆయన కార్డు తీసుకుని అద్దాలు పైకి తోసుకున్నాడు. చాలాసేపు చూశాడు. “దీనికి రంగేది?” అన్నాడు.

“ఏంది?”

“పక్కన గీత ఎర్రగున్నది. ఇది బూడిద లెక్క ఉన్నది. గీత కాదిది, గీత నీడ.”

ఆ మాట చెప్పి ఊరుకోలేదు. కొత్త పెట్టె విప్పి కాగితం తీశాడు. ఆయన ఇంగ్లీషు అంతంతే. మందుల పేర్లు వస్తాయి, వాక్యాలు రావు. పదో తరగతినాటి డిక్షనరీ దింపి, వేలితో ఒక్కో మాటా వెతుకుతూ కూర్చున్నాడు. నేను అన్నం పెడతానన్నా రాలేదు. చివరికి తల ఎత్తి, “ఐదు నిమిషాలకు సూడాలె. పది దాటినంక సూస్తే గా లెక్క చెల్లదు, కార్డు పారెయ్యమని రాసిండ్రు” అన్నాడు.

“ఎందుకు చెల్లదు? బంగారం గంటకు ఇత్తడైతదా?”

కాగితంలో ఉన్నదాన్ని ఆయన పెన్సిల్‌తో బొమ్మ గీసి చెప్పాడు. కిటికీలో కాగితం మీద టి దగ్గర ఒక మందు గీతలాగా పూసి ఉంటుంది, కంటికి కనబడదు. చుక్కలు వేస్తే తడి రంగును మోసుకుంటూ పోతుంది. కడుపుతో ఉన్న మనిషి మూత్రంలో ఉండే పదార్థం ఉంటే అది రంగుతో సహా అక్కడ అంటుకుంటుంది, ఎర్రగా తేలుతుంది. లేకపోతే రంగు ఆగకుండా దాటిపోయి సి దగ్గర ఆగుతుంది. అదంతా తడిగా ఉన్నప్పటి సంగతి. తడి ఆరిపోయాక, ఆ మందు పూసిన చోటు కొన్ని కార్డుల్లో మసకగా పైకి కనబడుతుంది. “చీర మీద నీళ్లు పడి ఆరినంక మరక అంచు మిగుల్తది సూడు. నీళ్లల్ల రంగుంటదా? అయినా అంచు కనపడుతది.”

నాకు నచ్చలేదు. ఆడదాని సంగతి మొగవాడు డిక్షనరీ చూసి చెప్పడమేమిటి? “బొమ్మలు గీస్తే నమ్మ. కండ్లకు కనపడాలె” అన్నాను.

ఆయన మూడు కార్డులు తీసుకుని దొడ్లోకి పోయాడు. నేను నోరు తెరిచి నిలబడ్డాను. తిరిగొచ్చి మూడింటినీ బల్ల మీద వరసగా పెట్టి, గడియారం ఎదురుగా పెట్టాడు. ఐదు నిమిషాలకు మూడింటికీ ఒక్కొక్క గీతే. “కడుపు లేదు, ఫికర్ చెయ్యకు” అన్నాడు. నవ్వొచ్చింది నాకు. అన్నం తిన్నాం, గిన్నెలు తోమాను. రెండు గంటలకు వచ్చి చూస్తే ఒక కార్డు అట్లాగే ఉంది. ఒకదాంట్లో వెలుతురుకు తిప్పితే తప్ప దొరకని చాయ. మూడోదాంట్లో, నేను రోజూ చదివేలాంటి గీత.

నవ్వుదామనుకున్నాను. రాలేదు. ఎందుకంటే నాకు వేరే ఒకామె గుర్తొచ్చింది. అంతకు మూడు నెలల ముందు, పెళ్లయి నాలుగేళ్లయిన పిల్ల. ఇలాగే బస్సులో కార్డు తెచ్చింది. రెండున్నయి అన్నాను. నా చేతిలో బెల్లం ముక్క పెట్టి కాళ్లు మొక్కబోయింది. పన్నెండు రోజులకు పాలిపోయి వచ్చి, “పోయిందక్కా” అంది. ఊరుకో బిడ్డా, మళ్లొస్తది అని వీపు నిమిరాను. పోవడానికి అసలు వచ్చిందా? ఆ పిల్లకు లేని బిడ్డను నేనే ఇచ్చి, నేనే ఏడిపించానా? ఇప్పటికీ తెలియదు. ఇంకా ఎంతమందికి ఏం చదివానో, ఎవరి ఇంట్లో ఏం జరిగిందో. ఆ పూట నాకు కూడు సయించలేదని చెప్తే అబద్ధం, అప్పటికే తినేశాను. కానీ కక్కుకోవాలనిపించింది.

మర్నాడు ఆమె చీటీతో వచ్చింది. డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసింది, రక్తం కూడా పరీక్షకు పంపింది. కడుపు లేదు. ఒంట్లో నెత్తురు తక్కువ, ఈ వయసులో కొందరికి నెలలు తప్పడం ఉంటుంది, ఈ గోలీలు వాడి నెల తర్వాత మళ్లీ రమ్మంది. శనివారం మొదటి బస్సుకు ఆమె భర్తను పిలిపించాం. ఒక్కడే రాలేదు. వాళ్ల పెద్దన్నను వెంట తెచ్చాడు. తెల్ల మీసాలు, చేతికర్ర, పంచాయితీలో మొదటి మాట ఆయనదే. దుకాణం వెనక గదిలో ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు. ఆమె గడప దగ్గర కింద కూర్చుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

డాక్టరమ్మ చీటీని భర్త చేత్తో కూడా ముట్టుకోలేదు. “కాగితం ఎవలు రాయమంటే అది రాస్తరు. కార్డు అబద్ధమాడదు” అన్నాడు.

ఆ మాట విని నేను ఉలిక్కిపడ్డాను. అచ్చం నా మాట. మూడు రోజుల కింద నేనైనా అదే అనేదాన్ని. అతనితో వాదించి లాభం లేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? డిక్షనరీ తెస్తే తలకాయకు విసిరికొడతాడు.

“నిజమే తమ్మీ. కార్డునే నమ్ముదాం” అన్నాను. కొత్త కార్డు కవరు చించి అతని చేతిలో పెట్టాను. “దొడ్డి గటు. పోయి నువ్వు పట్టుకురా.”

“ఏంది?”

“నీదే. చుక్కలు నీవే.”

పెద్దాయన కర్ర నేల మీద కొట్టాడు. “పరాచికాలా ఏందమ్మా?”

“మీరు సుత పోండ్రి పెద్దనాయనా. మీకొకటిస్త.”

గొడవ చేశారు, లేచారు, కూర్చున్నారు. చివరికి గడప దగ్గర నుంచి ఆమె ఒక్క మాట అంది. “నేను ఈమె ముందల చేసిన. నీకేమైతది?” అతను కార్డు తీసుకుని దొడ్లోకి పోయాడు. పెద్దాయన కూడా, తమ్ముణ్ని ఒక్కణ్ని అవమానం పాలు చేయడం ఇష్టం లేక కావచ్చు, గొణుక్కుంటూ పోయాడు.

ఐదు నిమిషాలకు నలుగురికీ చూపించాను. ఒక్కో గీత. “ఇప్పుడు పొట్లం కట్టి మీ దగ్గరే పెట్టుకోండ్రి. మీ ఊరి నుంచి ఈడికి బస్సు ఎంతసేపు వస్తదో గంతసేపు” అన్నాను. నేను ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏదో చేశానంటారు, నేనైతే అనేదాన్ని. అతను కార్డును తువ్వాల మూలకు కట్టుకున్నాడు.

ఆ గంటన్నర నా జీవితంలో ఎప్పుడూ కూర్చోనంత చెడ్డగా కూర్చున్నాను. టీ ఇచ్చాను, చల్లారిపోయింది. అన్ని కార్డుల్లో ఆ నీడ రాదు కదా. మా ఆయన మూడింటిలో ఒకటి శుభ్రంగా ఉండిపోయింది కదా. వీళ్లవి రెండూ అట్లాగే ఉండిపోతే? రేపు ఐతారం. ఆమె గడప మీద గోటితో గీతలు గీస్తూ కూర్చుంది. నేను నమ్మని దేవుళ్లందరికీ మొక్కాను.

“ఇప్పండ్రి” అన్నాడు మా ఆయన గడియారం చూసి.

పెద్దాయన కార్డులో ఏమీ లేదు. అతను ముడి విప్పాడు. కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు పట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మొన్న తెచ్చిన పాత కార్డు జేబులోంచి తీసి పక్కన పెట్టుకున్నాడు. నేనే పోయి చూశాను. రెండూ ఒకటే. సి దగ్గర ఎరుపు, టి దగ్గర బూడిద చాయ.

“ఎన్నో నెల తమ్మీ?” అన్నాను. ఆపుకోలేకపోయాను, నా నోట్లో నువ్వుగింజ నానదు.

పెద్దాయన మీసాలు ముందు కదిలాయి, తర్వాత భుజాలు, తర్వాత మంచం. ఊపిరాడనట్లు నవ్వాడు. మా ఆయన నవ్వాడు. అతను మాత్రం గోడకానుకుని కింద కూలబడ్డాడు. రెండు చేతుల్లో రెండు కార్డులు. “పంచాయితీ లేదు, గించాయితీ లేదు” అన్నాడు పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ. “లెవ్వురా. పెండ్లాన్ని తోలుకపో.”

అతను లేచి గడప దగ్గరికి వచ్చాడు. “నడువ్, ఇంటికి పోదాం. పిల్లలు ఏడుస్తున్నరు” అన్నాడు.

ఆమె లేవలేదు. నన్ను చూసి, “అక్కా, మొగోళ్ల ఆపరేషన్ ఎన్నడన్న తప్పుతదా?” అంది.

“ఎప్పుడో ఒకరికి తప్పుతదంటరు” అన్నాడు మా ఆయన.

“డాక్టరమ్మ సుత గదే చెప్పింది.” తర్వాత మొగుడి దిక్కు తిరిగింది. “మరి గీత నిజంగనే ఎర్రగొస్తే? నీ ఆపరేషనే తప్పుంటే? గప్పుడు నా మాట ఎవలు ఇంటుండె?”

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. అతను తువ్వాలతో ముఖం మూసుకున్నాడు. ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. ఆమె లేచి, అతని వేళ్లలోంచి అతని కార్డును మాత్రం లాక్కుని, కొంగు చివర ముడేసి నడుముకు దోపుకుంది. “గిది నా దగ్గరుంటది” అంది.

ఆ రోజు నుంచి మా దుకాణం వెనక గదిలో ఒక గడియారం, ఒక స్టూలు పెట్టాను. కార్డు కొన్న ప్రతి ఆడమనిషికీ చెప్పేదాన్ని. ఇక్కడే చేసుకుంటే ఐదు నిమిషాలు నాతో కూర్చో, ఇంటి దగ్గర చేసుకుంటే గడియారం పెట్టుకుని నువ్వే చూడు, రంగు ఉంటేనే గీత, ఆరిపోయిన కార్డు నా దగ్గరికి తేవద్దు, పారెయ్. మొదట్లో ఆరిన కార్డులు తెచ్చినవాళ్లను తిట్టేదాన్ని. తిట్టాల్సింది వాళ్లను కాదని కొన్నాళ్లకు ఊరుకున్నాను.

కానీ ఆ శనివారం ఇంకొకటి జరిగింది. మగవాళ్లు బస్సు చూడడానికి ముందు పోయారు. ఆమె మెట్లు దిగబోతూ ఆగింది. నాకు దండం పెడుతుందేమో అనుకున్నాను. నిజం చెప్తున్నాను, అట్లాగే అనుకున్నాను. కాపాడింది నేనే కదా.

“నీకే తెల్వాలె అంటివి గదక్కా ఆ దినం” అంది. “నాకు తెల్సు. తెల్సిందే చెప్పిన. నువ్వూ ఇనకపోతివి.”

తర్వాత చాలా ఏళ్లు ఆ ఊరి బస్సులోంచి ఆమె దిగడం చూస్తూనే ఉన్నాను. నెత్తురుకు వాడే గోలీలు ఎదురుగా రోడ్డవతల దుకాణంలో కొనుక్కునేది.